వెంటిలేటర్ రాదని రాసిన దరఖాస్తు

మా బాపు పేరు తోమాసు. యేసు గాయంలో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్న శిష్యుడి పేరు అది. పేరు పెట్టిన పాస్టరుగారికి ముందే తెలిసి ఉంటుందని మా అమ్మ, నేను అవ్వ అని పిలిచే ప్రేమమ్మ, అంటుంది. నన్నడిగితే, మా బాపు ఆ శిష్యుడికంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. పాలవాడిని నమ్మడు, బస్సు టైము నమ్మడు, వాన వస్తుందని టీవీలో చెబితే నమ్మడు, వాన పడుతుంటే కూడా చెయ్యి బయటపెట్టి చూస్తాడు.

ఇదంతా బొగ్గుబాయి, అంటే బొగ్గుగని, నేర్పిన బుద్ధి. బాపు బాయిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. పని మొదలుపెట్టే ముందు కర్రతో కప్పును కొట్టి వినాలి. కప్పు గట్టిగా ఉంటే ఖంగున మోగుతుంది, లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. ఆ చప్పుడు తేడాలోనే పది మంది ప్రాణాలుంటాయి. అలవాటు ఇంటిదాకా వచ్చింది. కొత్త బీరువా వచ్చినా, పుచ్చకాయ తెచ్చినా, ఎవరింటికైనా వెళ్లి గోడ పక్కన కూర్చున్నా, ముందు వేళ్ల కణుపులతో కొడతాడు. తల వంచి ఆలకిస్తాడు. "ఊఁ" అంటాడు. అంతే. ఎలా మోగిందో మాత్రం ఎప్పుడూ చెప్పడు.

పద్నాలుగేళ్ల కిందట బాపును పైకి తీశారు. నడుము పోయిందని, అండర్‌గ్రౌండుకు అన్‌ఫిట్ అని, సర్ఫేసు మీద లాంప్ రూములో పని చేసుకోమని ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చిందన్నాడు. బాయిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చి, వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టే పని. ఆ కాగితాన్ని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. నాకు ఇంగ్లీషు వస్తుంది, చదువుతానంటే కసిరాడు. ఆరోజు నుంచి "నువ్వు దీనికి పనికిరావు, గా పని చేస్కో" అన్న మాట ఎవరి నోట విన్నా మా బాపు ముఖం మారిపోతుంది.

ఇక నా సంగతి. నేను జీఎన్ఎం చదివిన నర్సును. గోదావరిఖనిలో ఒక చిన్న నర్సింగ్ హోములో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆపరేషన్ థియేటరు సర్దడం, పరికరాలు శుద్ధి చేయడం, కట్లు కట్టడం అన్నీ నేనే. డాక్టరుగారు ముసలివారై ఆసుపత్రి మూసి హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. ఆరు నెలలు ఖాళీగా కూర్చున్నాను. ఈలోగా బాపు రిటైర్‌మెంటు దగ్గర పడింది. నెలాఖరుకు దిగిపోతాడు, ఆ తర్వాత కంపెనీ క్వార్టర్ అప్పగించాలి. ముగ్గురం ఎక్కడికి వెళ్లాలన్నది నా ఉద్యోగం మీద ఆధారపడి ఉంది. దాన్ని ఇంట్లో ఎవరూ పైకి అనరు, కానీ అవ్వ రోజూ ప్రార్థనలో దేవుడికి గుర్తు చేస్తూనే ఉంది.

కరీంనగర్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూ నర్సులు కావాలని ప్రకటన వేసింది. ఇంటర్నెట్ సెంటరుకు వెళితే బాపు వెంటవచ్చాడు. రాకపోతే ఆశ్చర్యపడాలి. ఫారంలో ఒక గడి ఉంది: వెంటిలేటర్ మీద ఉన్న పేషెంటును చూసిన అనుభవం ఎన్నేళ్లు? నా స్నేహితురాళ్లందరూ రెండేళ్లని రాసేయమన్నారు. లోపలికి వెళ్లాక ఎలాగూ నేర్పుతారట. నేను రెండు అంకె కొట్టబోయాను.

"ఏంది గది?" అన్నాడు బాపు వెనక నుంచి.

చెప్పాను.

"నీకొస్తదా?"

"చూసిన బాపూ. ముట్టలే."

"మరి ముట్టనిదాన్ని రెండేండ్లు ముట్టిన్నని రాస్తవా? రాదని రాయి."

"రాదని రాస్తే పిలుస్తరా? నువ్వే నా నౌకరీ పోగొడుతున్నవ్!" సెంటరులో నలుగురూ తిరిగి చూసేలా అరిచాను. ఆయన కదలలేదు. నా భుజం మీద నుంచి వేలు చాచి తెరను చూపిస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. సున్నా కొట్టి, కింద ఇతర వివరాల్లో "వెంటిలేటర్ రాదు. నేర్పితే నేర్చుకుంటాను" అని రాసి పంపేశాను. ఇంటికి వచ్చాక రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు అది తెలిసిందో లేదో కూడా అనుమానమే. మామూలుగా పిలిచినా పలకడు, పైగా "నోట్ల నోట్ల గొణుగుతరేంది" అని మమ్మల్నే తిడతాడు.

పదో రోజు, మంగళవారం, మెయిల్ వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పి వినిపించాను.

"స్తుతి గారికి. ఐసీయూ నర్సు పోస్టుకు మీ దరఖాస్తు చూశాం. దానికి వెంటిలేటర్ అనుభవం తప్పనిసరి. అది లేదని మీరే రాశారు కనుక ఆ పోస్టుకు మిమ్మల్ని పరిగణించలేం. అయితే థియేటర్‌లో, పరికరాల శుద్ధిలో మీకు తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. మా దగ్గర ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు పోస్టు ఖాళీగా ఉంది. దానికి మీరు సరిపోవచ్చని అనుకుంటున్నాం. ఆసక్తి ఉంటే శుక్రవారంలోగా తెలపండి. శనివారం పదకొండు గంటలకు ఇంటర్వ్యూ. ఇది ఉద్యోగం ఖాయమని చెప్పే లేఖ కాదు. ఏ దశలోనూ మేము డబ్బు అడగం. అమూల్య, హెచ్ఆర్ విభాగం."

అవ్వ "స్తోత్రం" అంది. బాపు కుర్చీ చేతిని కణుపులతో కొట్టాడు.

"అడగంది అమ్మన్న పెట్టదు. నువ్వు అడగని పని వీళ్లెందుకు పెడుతుండ్రు?"

"ఖాళీ ఉన్నది కాబట్టి."

"ఎందుకు ఖాళీ ఉన్నది? ముందున్నోళ్లు ఎందుకు పోయిండ్రు? మేము పైసలు అడగము అని ఎవడన్న ముందుగాల చెప్తడా? దొంగ కాకుంటే నేను దొంగను కాదని ఎందుకంటడు?"

"ఈ రోజుల్లో నౌకరీల పేరు మీద మోసాలు ఎక్కువైనయ్. అందుకే రాస్తరు."

"చూసినవా, మోసమని నువ్వే అంటున్నవ్!"

ఈ మనిషితో ఎలా వేగాలి? నిజం చెప్పాలంటే అనుమానం నాకూ అంటుకుంది. రోగం ఒకరి నుంచి ఒకరికి అంటకుండా చూసే ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సంటూ మా చిన్న ఆసుపత్రిలో ఎవరూ లేరు. చెత్తబుట్టల రంగులు సరిచూసుకుంటూ తిరిగే పని అని ఒక స్నేహితురాలు నవ్వింది. చదివిన చదువేంటి, చేసే పనేంటి అని నాకూ గుచ్చుకుంది. అయినా క్వార్టర్ గుర్తొచ్చి, ఆసుపత్రి బోర్డు మీది నంబరుకే ఫోన్ చేసి, అమూల్య అనే మనిషి అక్కడ ఉందని రూఢి చేసుకుని, శనివారం వస్తానని బుధవారమే జవాబు పంపాను. నేనూ ఆ తండ్రి బిడ్డనే కదా.

శుక్రవారం సాయంత్రం బాపు అంగీ ఉతకడానికి తీస్తే జేబులో స్పీడ్ పోస్టు రసీదు దొరికింది. కరీంనగర్, ఆసుపత్రి పేరు, హెచ్ఆర్ విభాగం.

"బాపూ! గిదేంది?"

"అప్పీల్," అన్నాడు తాపీగా. "బాయిల రూలు గదే. మూడు రోజులల్ల అప్పీల్ పెట్టుకోకుంటే అన్‌ఫిట్ ఖాయమైతది. హనుమండ్లుతోటి రాయించిన."

హనుమండ్లు మామ మా వెనక లైనులో ఉంటాడు. వెనకట యూనియన్‌లో పిట్ సెక్రటరీ, అర్జీలు రాయడంలో దిట్ట. పరిగెత్తుకెళ్లి నకలు చూశాను. "పై విషయమునకు సంబంధించి మనవి చేయునది ఏమనగా, నా కూతురు స్తుతిని ఐసీయూ పనికి అన్‌ఫిట్ చేసి వేరు పనికి పంపుట అన్యాయము. ఆమెను తిరిగి పరీక్షించి అడిగిన పనిలోనే పెట్టవలెను. లేనియెడల అన్‌ఫిట్ కారణము సంతకముతో వ్రాసి ఇవ్వవలెను. లేనిచో తదుపరి చర్యలు తీసుకొనబడును." కింద తోమాసు, టింబర్‌మన్ అని సంతకం. పద్నాలుగేళ్లుగా లాంప్ రూములో పనిచేస్తున్న మనిషి టింబర్‌మన్ అని రాసుకున్నాడు. కోపంలో నేను దాన్ని పట్టించుకోలేదు.

"మామా, నేనింకా నౌకరీల చేరనే లేదు! చేరనోళ్లకు అప్పీలేంది?"

"మీ బాపు గట్లనే రాయమన్నడు బిడ్డా," అన్నాడు మామ. "జర ఘాటుగనే పడ్డదా?"

శనివారం పొద్దున కరీంనగర్ బస్సెక్కాం. బాపు ఎప్పటిలాగే నన్ను తన కుడి పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. సుల్తానాబాద్ దాటాక, "పరేషాన్ కాకు," అన్నాడు. "పరేషాన్ చేసింది నువ్వే," అన్నాను.

ఆసుపత్రిలో హెచ్ఆర్ గది మొదటి అంతస్తులో ఉంది. అమూల్యకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఎదురుగా నా సర్టిఫికెట్ల ప్రింట్లు, వాటి పక్కన హనుమండ్లు మామ అర్జీ. ఆమె నవ్వలేదు.

"ఒక రోజు మీరు వస్తానంటరు. ఇంకో రోజు మీ నాన్నగారు తదుపరి చర్యలంటరు. మా మేనేజర్ ఈ కాండిడేట్ వద్దన్నరు. ముందే కేసు పెడతామనే మనిషిని తీసుకుంటమా అన్నరు. నిన్ననే ఈ ఫైలు పక్కకు పెట్టేదుండె."

"మేడం, మా బాపుకు తెల్వక..."

"తెలిసే పంపిన," అన్నాడు బాపు తలుపు దగ్గర నుంచి. బయట కూర్చోమంటే కూర్చున్నాడా! ఈలోగా కింద క్యాంటీనులో, గేటు దగ్గర, లిఫ్టు దగ్గర విచారణ కూడా పూర్తి చేసుకొచ్చాడు. "ఇంతకుముందున్న నర్సు ఎందుకు పోయిందమ్మా?"

అమూల్య ఒక్క క్షణం ఆయన్ను చూసింది. "ఆమెకు సర్కారు నౌకరీ వచ్చింది. మూడు నెలలాయె. కానీ అదొక్కటే కాదు. ఈ పనిల అందరికీ చేదు కావాలె. పెద్ద డాక్టరైనా సరే చేతులు కడగకుంటే రాసి పెట్టాలె. అందుకే అడిగి మరీ ఈ పోస్టుకు ఎవ్వరూ రారు."

బాపు "ఊఁ" అన్నాడు. "క్యాంటీన్ల కూడ గదే చెప్పిండ్రు."

అమూల్య నా వైపు తిరిగింది. "ఇప్పుడు నా అనుమానం తీర్చండి. నలభై రెండు దరఖాస్తులు వచ్చినయ్. నలభై ఒక్కరు వెంటిలేటర్ వస్తదని రాసిండ్రు. ఫోన్ల రెండు ప్రశ్నలడిగితే సగం మందికి రాదని తేలింది. మీరొక్కరే రాదని రాసిండ్రు. వేరేదేదో పెద్దది దాచెటందుకు ఇది చెప్తున్నరేమో అని, మీ పాత డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగిన. ఆయన మంచిగనే చెప్పిండ్రు. చెప్పండి, ఎందుకు రాసిండ్రు?"

ఏదైనా గొప్పగా చెప్పొచ్చు. కానీ అబద్ధమాడితే వెనకున్న మనిషి అక్కడే పట్టుకుంటాడు. "నేను రెండేండ్లని రాయబోయిన మేడం. మా బాపే రాయనియ్యలే."

బాపు మెల్లగా లోపలికి వచ్చి నా ఎడమ పక్క నిలబడ్డాడు.

"నాకు ఎడమ చెవు వినపడదమ్మా," అన్నాడు. "కుడిది సగమే."

నేను తిరిగి చూశాను. ఆయన నన్ను చూడటం లేదు.

"బాయిల కప్పు కొట్టి వినే పని నాది. వినపడుడు తగ్గుతున్నదని నాకెర్క. చెప్తే పని పోతదని చెప్పలే. కొట్టుడు, గట్టిగున్నదనుడు. ఒకనాడు గట్టిగున్నదన్న, మా జట్టుల పనిచేసే అంజన్న దాని కిందికి పోయిండు. కప్పు రాలింది. కాలు నుజ్జయింది పాపం, పానం దక్కింది. ఎవ్వరూ నన్ను అనలే, కప్పు ఎప్పుడన్న రాలుతదన్నరు. నేనే దవాఖానకు పోయి నా చెవులు పనిచేస్తలేవని చెప్పిన. గప్పుడు లాంప్ రూంకు కాయితమిచ్చిండ్రు. ఇంట్ల నడుమని చెప్పిన." గొంతు సవరించుకున్నాడు. "రానిది వస్తదంటే ఎవనిదో కాలు పోతది. అందుకే రాదని రాయించిన. రాయించినంక గదే ముచ్చట మీద నా బిడ్డ నౌకరీ పోతున్నదని తెలిసింది. నిజం చెప్పి నేను పైకొచ్చిన, సరే. నా మాట ఇని ఆమె కూడ పోగొట్టుకోవాల్నా? అందుకే అప్పీల్ పెట్టిన. తప్పైతే నాదే. ఆమె మీద పెట్టకుండ్రి."

పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లూ నోట్లో గొణుగుతున్నానని ఆయన నన్ను తిట్టాడు, మొండిమనిషని నేను ఆయన్ను తిట్టాను. నర్సునట నేను! రోగం ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే కనిపెట్టలేకపోయాను. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అమూల్య లేచి బాపుకు కుర్చీ జరిపింది. తర్వాత అర్జీని నా ఫైలులోంచి తీసి ఆయన చేతికిచ్చింది. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. ఆమె ఫైలుల ఉండాల్సిన పని లేదు. మేనేజర్‌కు నేను చెప్పుకుంట. కానీ ఒక్కటి, నౌకరీ ఇచ్చేది నేను కాదు. నర్సింగ్ సూపరింటెండెంట్ అడిగినదానికి ఈమె జవాబు చెప్పాలె."

సూపరింటెండెంట్ జ్యోతిరాణిగారు యాభై దాటిన మనిషి. కళ్లద్దాల మీద నుంచి చూస్తారు. పలకరింపులు లేవు. పేషెంటుకు గుచ్చిన సూది నర్సు చేతికి గుచ్చుకుంటే ఏం చేస్తావని అడిగారు. పిండకూడదు, సబ్బు, నీళ్లతో కడగాలి, వెంటనే రిపోర్టు చేయాలి, ఆ పేషెంటుకూ నర్సుకూ రక్తపరీక్షలు, మందు అవసరమైతే గంటల్లోనే మొదలుపెట్టాలి అన్నాను. ఆవిడ తల ఊపలేదు. తర్వాత ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, ఆవిరి మిషనులో శుద్ధికి పెట్టి తీసిన పరికరాల మూట ఒకటి బల్ల మీద పెట్టారు. మీద అంటించిన టేపుకు నల్లచారలు వచ్చి ఉన్నాయి.

"ఆటోక్లేవ్‌ల నుంచి వచ్చింది. టేపు నల్లబడ్డది. థియేటర్‌కు పంపుదామా?"

"పంపను మేడం."

"ఎందుకు? టేపు చెప్తున్నది కదా."

"టేపు బయట వేడి తగిలిందనే చెప్తది. లోపలిదాకా ఆవిరి పోయిందో లేదో దానికి తెల్వది. లోపల పెట్టిన ఇండికేటర్ పట్టీ రంగు మారిందా చూడాలె. మిషను మీద నమ్మకం లేకుంటే లోపల క్రిములు చచ్చినయో లేదో చూసే స్పోర్ టెస్టు పెట్టాలె."

"మిషను మీద నమ్మకం లేదా నీకు?"

"లేదు మేడం. పైపైన చూసి గట్టిగున్నదని చెప్పొద్దని మా ఇంట్ల..." అక్కడ ఆగిపోయాను.

జ్యోతిరాణిగారు అమూల్యను చూసి మొదటిసారి నవ్వారు. "ఈ పనికి ఎవ్వల్నీ నమ్మనోళ్లు కావాలె. మిగిలింది నేర్పుత."

వారం తర్వాత ఆర్డర్ వచ్చింది. ఆరు నెలలు ప్రొబేషన్, మొదట శిక్షణ. బాపు ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి ముందూ వెనకా చూసి, హనుమండ్లు మామతో చదివించుకుని, మళ్లీ నాతో చదివించుకున్నాడు. ఇద్దరం ఒకటే చెప్పామా లేదా అని. అవ్వ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నవ్వుకే తుడుచుకుందో, చెవుల సంగతి తెలిశాక వచ్చిన కన్నీళ్లకే తుడుచుకుందో నేను అడగలేదు.

నెలాఖరున క్వార్టర్ అప్పగించాం. ఆసుపత్రికి దగ్గర్లో రెండు గదుల ఇల్లు అద్దెకు చూశాను. సామాను దించకముందే బాపు లోపలికి వెళ్లి గోడల వెంబడి కొట్టుకుంటూ నడిచాడు. ఇంటాయన వింతగా చూస్తున్నాడు. వంటింటి మూల దగ్గర బాపు ఆగాడు. అక్కడ రెండుసార్లు కొట్టాడు. తల వంచాడు. ఈసారి "ఊఁ" అనలేదు.

"ఎట్ల మోగింది బిడ్డా?" అని అడిగాడు.

పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆయన నన్ను ఆ మాట అడగటం ఇదే మొదలు. గట్టిగనే ఉన్నదని చెబుదామనుకున్నాను. సామాను ఆటోలో ఉంది, అవ్వ అలసిపోయింది, ఆయన మనసు కుదుటపడాలని నాకుంది. ఆయన చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. నేనూ అక్కడే కొట్టి, చెవి పెట్టి విన్నాను.

"ఈ మూల డొల్లగున్నది బాపూ," అన్నాను, ఆయన కుడి చెవి దగ్గరికి వెళ్లి గట్టిగా. "మిగిలింది మంచిగున్నది."

బాపు ముఖం విప్పారింది. ఇంటాయన వైపు తిరిగి, "గీ మూల ప్లాస్టరు తీసి మళ్ల కొట్టియ్యాలె," అన్నాడు. "నా బిడ్డ ఇని చెప్పింది."

తర్వాత వెళ్లి ఆటోలోంచి పాత కాగితం దాచిన ఇనప పెట్టె దించాడు.